పుస్తకం మూసి రాసిన రెండు పేజీలు

నేను కావలి నుంచి రోజూ నెల్లూరు వెళ్లి మూడేళ్ల న్యాయశాస్త్ర కోర్సు చదువుతున్నాను. మా కళాశాలలో ఒక న్యాయ సహాయ కేంద్రం ఉంది. విద్యార్థులు, అధ్యాపకులు కలిసి ఊళ్లకు వెళ్లి చట్టం గురించి నాలుగు మాటలు చెప్పి వస్తుంటారు. నేను రెండో సంవత్సరంలో ఉండగా, మాటలతో పాటు చేతికి ఇవ్వడానికి ఒక చిన్న తెలుగు పుస్తకం కూడా ఉండాలని అనుకున్నాం. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తే ఏం జరగాలి అన్నదే అందులో విషయం. తలా ఒక తీర్పు పంచుకున్నాం. ఎఫ్.ఐ.ఆర్. నమోదు గురించి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013 నవంబరు 12న ఇచ్చిన లలితా కుమారి తీర్పు నా వాటాకు వచ్చింది. దాన్ని సామాన్యులకు అర్థమయ్యేలా రెండు పేజీల్లో రాయాలి, ఎక్కడి నుంచి తీసుకున్నామో చెప్పాలి. ఆ రెండు పేజీలకు నాకు దాదాపు రెండు నెలలు పట్టింది.

మొదటి ప్రతి పదకొండు పేజీలు వచ్చింది. రాత్రులు కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకుని రాశాను. బాగా రాశాననే అనుకున్నాను. మా అధ్యాపకురాలైన మేడమ్ చదివి, నన్ను పిలిచి ఒకే ప్రశ్న వేశారు.

"ఇందులో నీ వాక్యం ఏది?"

"అన్నీ నావే మేడమ్. ఇంగ్లిషులో ఉన్నదాన్ని నేనే తెలుగులో రాశాను" అన్నాను.

ఆమె మారు మాట్లాడకుండా తీర్పు తెరిచి నా కాగితం పక్కన పెట్టారు. తీర్పులో మొదటి వాక్యం, నా మొదటి వాక్యం. రెండోది, రెండోది. ఇలా మూడు పేజీలు వరసగా జత కలిశాయి. తర్వాత నా ఏడో పేజీలో ఒక వాక్యం కింద గీత గీశారు. "పైన చర్చించిన అంశాల దృష్ట్యా మేము ఈ కింది విధంగా నిర్ణయిస్తున్నాము" అని రాసి ఉంది. "ఇక్కడ మేము అంటే ఎవరు? నువ్వా, న్యాయమూర్తులా? పైన చర్చించినది అంటే ఏ పైన? నీ కాగితంలో ఆ చర్చ లేదు కదా" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. అయిదుగురు న్యాయమూర్తులు తమ గురించి చెప్పుకున్న "మేము" నా వ్యాసంలోకి నడిచి వచ్చేసింది. నేను గమనించనే లేదు. తర్వాత మిగతా పేజీల్లో వెతికితే ఆ "మేము" ఇంకో నాలుగు చోట్ల దొరికింది. "పైన పేర్కొన్న", "ఇదివరకే చెప్పినట్లు" లాంటి మాటలు కూడా చాలా కనిపించాయి. ఎవరిదో వాక్యం ఎత్తి తెచ్చుకున్నప్పుడు మిగిలే ఆనవాళ్లు ఇవి. ఇప్పటికీ నా రాతలో నేను ముందు వెతికేది వీటినే.

తెలుగులో రాసే న్యాయ విద్యార్థులకు ఈ పొరపాటు ఎంత సులువుగా జరుగుతుందో నాకు ఆ రోజే తెలిసింది. ఇంగ్లిషు తీర్పు నుంచి ఇంగ్లిషులో సారాంశం రాసేవాడికి, ఉన్న వాక్యాన్ని ఉన్నట్టు దించితే తాను దించుతున్నాడని తెలుస్తుంది. మనకు ఆ స్పృహ ఉండదు. ప్రతి మాటకూ తెలుగు మాట వెతుక్కుంటాం, చెమట పడుతుంది, కాబట్టి ఇది మన సొంత శ్రమే అనిపిస్తుంది. శ్రమ నిజమే. కానీ వాక్యాల వరస, ఏది ముందు చెప్పాలి, దేనికి ఎంత చోటు ఇవ్వాలి అన్న నిర్ణయాలన్నీ తీర్పు రాసినవారివి. అనువాదానికి అనువాదంగా విలువ ఉంది, దాని కింద "అనువాదం నాది" అని రాసుకోవచ్చు. దాన్ని సారాంశం అనకూడదు. పైగా నా పదకొండు పేజీల్లో సగం కొటేషన్ గుర్తుల మధ్య ఉంది. కోర్టు తెలుగులో ఒక్క మాట కూడా అనలేదు. నా తెలుగు వాక్యాన్ని కోర్టు నోట్లో పెట్టి గుర్తులు బిగించడం చదివేవారిని తప్పుదారి పట్టించడమేనని మేడమ్ చెప్పారు.

అదే సమావేశంలో రెండో విషయం కూడా బయటపడింది. నా మొదటి పేజీలో తీర్పు మొత్తాన్ని ఆరు ముక్కల్లో చెప్పిన భాగం ఒకటి ఉంది. మేడమ్ దాన్ని చూసి "ఇది తీర్పులోది కాదు" అన్నారు. నిజమే. లా రిపోర్టులో, అంటే తీర్పులను అచ్చు వేసే పుస్తకంలో, తీర్పుకు ముందు అచ్చయ్యే హెడ్‌నోట్‌ను నేను తెలుగు చేసి పెట్టాను. తీర్పు అందరిదీ అయినప్పుడు అందులో అచ్చయినదంతా అందరిదే అనుకున్నాను.

ఈ విషయం మీద సుప్రీంకోర్టే 2007 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. ఈస్టర్న్ బుక్ కంపెనీ వర్సెస్ డి.బి. మోదక్ కేసు అది. కోర్టు ఇచ్చిన తీర్పు పాఠాన్ని ఎవరైనా ప్రచురించుకోవచ్చు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఆ వీలు కల్పిస్తుంది, కోర్టు ప్రచురణను నిషేధించిన సందర్భంలో తప్ప. కానీ హెడ్‌నోట్లు, సంపాదకుల వివరణలు ఆ ప్రచురణకర్తలవి. అంతే కాదు, తీర్పును పేరాలుగా విడగొట్టి లోపల అంకెలు వేయడం, ఏ న్యాయమూర్తి ఎవరితో ఏకీభవించారో, ఎవరు విభేదించారో సూచించడం లాంటి పనుల్లో కూడా కొంత నైపుణ్యం, విచక్షణ ఉన్నాయని, వాటిని కూడా అవతలి వారు ఎత్తుకోకూడదని కోర్టు చెప్పింది. ఇది చదివాక నా ఆరు ముక్కలను కొట్టేశాను. మేడమ్ అన్నది అంతకంటే సూటిగా ఉంది. "హెడ్‌నోట్ అంటే ఇంకొకరు రాసిన సారాంశం. దాన్ని దించితే నువ్వు తీర్పు చదివినట్టు కాదు, తీర్పు చదివిన మనిషిని చదివినట్టు."

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి ప్రింటు తీసి, ప్రతి పేరా పక్కన పెన్సిలుతో ఒక అక్షరం వేశాను. పిటిషనర్ తరఫు వాదన అయితే "పి", రాష్ట్రాల వాదన అయితే "రా", పాత తీర్పుల ప్రస్తావన అయితే "పా", కోర్టు తన నిర్ణయం చెబుతుంటే "కో". వందకు పైగా పేరాలున్న తీర్పులో "కో" అక్షరం పడ్డవి నేను అనుకున్న దానికంటే చాలా తక్కువ. కోర్టు ముందుగా అందరి మాటలూ ఓపికగా రాసి, ఆ తర్వాత తన మాట చెబుతుంది. ఆ ఓపికే తొందరపడి చదివేవారికి గొయ్యి అవుతుంది.

నేను ఆ గోతిలో పడ్డ చోటు పెన్సిలు పెట్టాక కనిపించింది. మొదటి ప్రతిలో ఇలా రాశాను: "తప్పుడు ఫిర్యాదుల వల్ల అమాయకుల స్వేచ్ఛకు భంగం కలుగుతుంది కాబట్టి నమోదుకు ముందే విచారణ అవసరమని కోర్టు అభిప్రాయపడింది." కోర్టు అలా అనలేదు. అది కోర్టు ముందు వినిపించిన వాదన. కోర్టు దానికి జవాబిస్తూ, ఎఫ్.ఐ.ఆర్. నమోదు వేరు, అరెస్టు వేరు, నమోదైనంత మాత్రాన అరెస్టు చేసి తీరాలని లేదు, అరెస్టుకు చట్టంలో వేరే రక్షణలు ఉన్నాయని చెప్పింది. అంటే నా వాక్యం తీర్పును తలకిందులు చేసింది. ఊళ్లో ఎవరికైనా ఆ పుస్తకం చూపించి "కోర్టే చెప్పింది, ముందు విచారణ చేయాల్సిందే" అని స్టేషన్‌లో పోలీసులు అని ఉంటే, ఆ మాటకు నేను బాధ్యురాలినయ్యేదాన్ని.

పెన్సిలు పని అయ్యాక మేడమ్ చెప్పిన పద్ధతి మొదలుపెట్టాను. చదవాలి, పుస్తకం మూయాలి, ఎవరికైనా నోటితో చెప్పాలి, ఆ చెప్పినదాన్ని రాయాలి, ఆ తర్వాతే పుస్తకం తెరిచి సరిచూసుకోవాలి. మొదట్లో ఉదయం రైల్లో చేశాను. బిట్రగుంట దాటేవరకు చదవడం, అక్కడి నుంచి కాగితాలు సంచిలో పెట్టి పడుగుపాడు వచ్చేదాకా చిన్న నోటుపుస్తకంలో రాసుకోవడం. పెన్నా వంతెన మీద మళ్లీ తీర్పు తీసి చూసుకునేదాన్ని. అయినా ఏదో లోపించింది. నాకు నేను చెప్పుకుంటే అర్థం కానిది కూడా అర్థమైనట్టే ఉంటుంది.

అసలు పరీక్ష మామయ్య దగ్గర జరిగింది. మా మామయ్యకు అల్లూరు వైపు రొయ్యల గుంటలు ఉన్నాయి. ఆ మధ్య రాత్రికి రాత్రి ఏరేటర్ల మోటార్లు రెండు పోయాయి. ఆయన స్టేషన్‌కు వెళ్లి కాగితం ఇచ్చి వచ్చారు. ఆదివారం వాళ్లింటికి వెళ్లినప్పుడు, గుంట గట్టు మీద కూర్చుని తీర్పు చెప్పడం మొదలుపెట్టాను.

భోలా కామత్ అనే ఒక తండ్రి, కూతురు కనిపించకపోతే 2008 మే నెలలో స్టేషన్‌కు వెళ్లడం, పట్టించుకోకపోవడం, ఎస్పీ దగ్గరికి వెళ్లాక గానీ ఎఫ్.ఐ.ఆర్. కాకపోవడం, అయినా అమ్మాయిని వెతకకపోవడం, చివరికి ఆయన నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టడం. ఇంతవరకు మామయ్య బాగానే విన్నారు. తర్వాత నేను "కాగ్నిజబుల్ అంటే తీవ్రమైన నేరం గురించి సమాచారం వస్తే ఎఫ్.ఐ.ఆర్. తప్పనిసరి అని కోర్టు చెప్పింది" అన్నాను.

"అయితే నా మోటార్ల సంగతి అందులోకి రాదన్నమాట. హత్యలూ అవీ అయితేనే గదా తీవ్రమైనవి" అన్నారాయన.

నేను ఆగిపోయాను. తీవ్రమైన నేరం అన్న మాట నాది, కోర్టుది కాదు, చట్టానిది అంతకన్నా కాదు. సులువుగా ఉండాలని నేను వేసిన మాట అది. కాగ్నిజబుల్ నేరం అంటే వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం. ఏవి అలాంటివో చట్టానికి జత చేసిన పట్టికలో ఉంటుంది. తీవ్రత మన లెక్క, పట్టిక చట్టం లెక్క. మనిషికి పరువు పోవడం ప్రాణం పోయినంత బాధ కావచ్చు, కానీ పరువు నష్టం ఆ పట్టికలో కాగ్నిజబుల్ కాదు. మామయ్య మోటార్ల దొంగతనం మాత్రం కాగ్నిజబుల్. నేను సొంత మాటల్లో చెప్పాలన్న తాపత్రయంలో మార్చకూడని మాటను మార్చేశాను.

సొంత మాటల్లో రాయడమంటే అన్ని మాటలూ మార్చడం కాదని నాకు ఆ గట్టు మీద తెలిసింది. కొన్ని మాటలకు చట్టమే అర్థం కట్టి పెట్టింది. వాటిని అలాగే ఉంచి, పక్కన వివరణ ఇవ్వాలి. వాటి చుట్టూ ఉన్న వాక్యం మాత్రం మనది కావాలి. ఆ మాటను వాడినందుకు కొటేషన్ గుర్తులు కూడా అక్కర్లేదు, ఎందుకంటే అది ఎవరి శైలీ కాదు, చట్టం భాష. తెలుగులో ఇంకో చిక్కు "విచారణ". పత్రికల్లో పోలీసులు ప్రశ్నించడమూ విచారణే, కోర్టులో కేసు నడవడమూ విచారణే, ఎఫ్.ఐ.ఆర్.కు ముందు జరిపే పరిశీలనా విచారణే. ఈ తీర్పులో కీలకమంతా ఎఫ్.ఐ.ఆర్.కు ముందు జరిగేదానికీ, తర్వాత జరిగేదానికీ మధ్య ఉన్న తేడాలో ఉంది. అందుకని ముందుదానికి ఎప్పుడూ "ప్రాథమిక విచారణ" అని, తర్వాతిదానికి "దర్యాప్తు" అని మాత్రమే రాస్తానని నియమం పెట్టుకున్నాను. వాక్యం అందంగా రావడం కోసం ఒకదాని బదులు ఇంకొకటి వాడలేదు. పాఠశాలలో ఒకే మాట మళ్లీ మళ్లీ రాయకూడదని నేర్పారు. చట్టం రాసేటప్పుడు మాత్రం ఒకే విషయానికి ఒకే మాట ఉండాలి. మాట మారితే విషయమూ మారిందని చదివేవారు అనుకుంటారు.

మామయ్యే ఇంకో ప్రశ్న వేశారు. "ముందు నా మాట నిజమో కాదో చూసుకోవద్దా వాళ్లు?"

దీనికి జవాబు తీర్పు నడిబొడ్డున ఉంది. ఎఫ్.ఐ.ఆర్. నమోదు గురించి చెప్పే దండ ప్రక్రియా స్మృతి సెక్షన్ 154లో "సమాచారం" అని మాత్రమే ఉంది. అదే చట్టంలో అరెస్టు గురించి చెప్పే సెక్షన్ 41లో సమాచారం నమ్మదగినదై ఉండాలన్న షరతు ఉంది. చట్టసభ ఒక చోట షరతు పెట్టి ఇంకో చోట పెట్టలేదంటే అది తెలిసి చేసిన పని అని కోర్టు చూసింది. కాబట్టి సమాచారం నిజమా కాదా అన్నది నమోదు దగ్గర అడ్డు కాకూడదు. కుటుంబ వివాదాలు, వ్యాపార నేరాలు, వైద్య నిర్లక్ష్యం, అవినీతి, కారణం చెప్పకుండా మూడు నెలలకు మించి ఆలస్యమైన ఫిర్యాదుల వంటి వాటిలో ప్రాథమిక విచారణ జరపవచ్చు. అందులోనూ చూడాల్సింది ఫిర్యాదు నిజానిజాలు కాదు, అది కాగ్నిజబుల్ నేరాన్ని వెల్లడిస్తోందా లేదా అన్నదే. ఇది నేను పుస్తకం చూడకుండా మామయ్యకు చెప్పగలిగాను. ఇంటికి వచ్చి రాసుకున్నాను. మొదటి ప్రతిలో ఈ భాగం రెండున్నర పేజీలు. ఇప్పుడు పది వాక్యాలు.

ఆయన జేబులోంచి ఒక చీటీ తీసి "ఇది ఎఫ్.ఐ.ఆర్.యేనా?" అన్నారు. దాని మీద జి.డి. అని, పక్కన ఒక అంకె ఉంది. అది జనరల్ డైరీ నమోదు. స్టేషన్‌లో రోజూ జరిగేవన్నీ రాసే పుస్తకం అది. ఎఫ్.ఐ.ఆర్. దాని నుంచి వేరు. ఈ రెండింటి తేడా మీద తీర్పులో కొన్ని పేరాలే ఉన్నాయి. నేను మొదటి ప్రతిలో వాటిని అనవసరమని వదిలేశాను. పదకొండు పేజీల్లో చోటు దొరకని విషయానికి రెండు పేజీల ప్రతిలో చోటిచ్చాను.

తర్వాత చట్టం వంతు వచ్చింది. తీర్పు మాట్లాడేది పాత దండ ప్రక్రియా స్మృతిలోని సెక్షన్ 154 గురించి. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. ఇప్పుడు చూడాల్సింది సెక్షన్ 173. నేను మొదట "సెక్షన్ 154, ఇప్పుడు సెక్షన్ 173" అని అంకె మార్చి ఊరుకున్నాను. అంకె మారినా విషయం అదే అనుకున్నాను. సెక్షన్ మొత్తం చదివితే మూడో ఉపసెక్షన్ పాతదానిలో లేనిది. మూడేళ్లు లేదా అంతకు మించి, ఏడేళ్ల లోపు శిక్ష పడే కాగ్నిజబుల్ నేరాల్లో, డీఎస్పీ స్థాయికి తక్కువ కాని అధికారి ముందస్తు అనుమతితో, కేసు నడపడానికి ప్రాథమిక ఆధారం ఉందో లేదో తేల్చుకునేందుకు పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ జరపవచ్చని అది చెబుతుంది. దొంగతనానికి మామూలుగా గరిష్ఠ శిక్ష మూడేళ్లు. మామయ్య మోటార్లు సరిగ్గా ఈ హద్దు మీద పడతాయి. తీర్పు ఒక్కటే రాసి ఉంటే ఆయనకు సగం నిజం చెప్పినదాన్నయ్యేదాన్ని.

ఇక్కడ ఇంకో పాఠం నేర్చుకున్నాను. పాత తీర్పు ప్రకారం ప్రాథమిక విచారణలో చూడాల్సింది నేరం వెల్లడవుతోందా లేదా అన్నది, కొత్త ఉపసెక్షన్ ప్రకారం చూడాల్సింది ప్రాథమిక ఆధారం ఉందా లేదా అన్నది, రెండూ ఒకటి కాదు అని రెండో ప్రతిలో రాశాను. వాక్యం పూర్తిగా నాదే, ఒక్క మాట కూడా ఎక్కడి నుంచీ దించలేదు. మేడమ్ చదివి "ఈ తేడా నువ్వే కనిపెట్టావా?" అని అడిగారు. లేదు. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరించింది, నేను అక్కడే చదివాను. "మరి ఆ పేరు ఏది?" అన్నారు. మాటలు నావి కాబట్టి మూలం చెప్పనక్కర్లేదని నాకు తెలియకుండానే అనుకున్నాను. మాటలు మార్చాక మూలం చెప్పడం ఇంకా అవసరం. కొటేషన్ ఉంటే ఎవరిదో మాట అని కనీసం గుర్తులైనా చెబుతాయి. సొంత మాటల్లో ఆ గుర్తులు కూడా ఉండవు.

మూలం ఎలా చెప్పాలన్న దగ్గర చిన్న గందరగోళం వచ్చింది. తీర్పు ముగింపులోని ఆదేశాలు నేను ప్రింటు తీసిన కోర్టు ప్రతిలో 111వ పేరాలో ఉన్నాయి. నా స్నేహితురాలు ఎస్.సి.సి. అనే లా రిపోర్టు చూసి 120 అంది. ఇద్దరం వాదించుకుని, రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరమూ సరే. పేరాల విభజన ప్రచురణను బట్టి మారుతుంది, మోదక్ తీర్పు చెప్పింది ఈ విషయమే కదా. పేరా అంకె వేస్తే ఏ ప్రతిలోని అంకె అన్నది కూడా వేయాలి. లేకపోతే వెతికేవారికి దొరకదు, దొరకని మూలం ఇచ్చినా ఇవ్వనట్టే.

సెక్షన్ 173ను పూర్తిగా తెలుగు చేసి వెనక పేజీలో అచ్చు వేద్దామని ఒక స్నేహితుడు అన్నాడు. మేడమ్ కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మళ్లీ తెరిచారు. ప్రభుత్వం అనువాదం వెలువరించకపోయినా, వెలువరించినది ప్రజలకు అమ్మకానికి దొరకకపోయినా చట్టాన్ని భారతీయ భాషలోకి అనువదించి ప్రచురించవచ్చు. కానీ ఇది ప్రభుత్వం ఆమోదించిన అధికారిక అనువాదం కాదని అందరికీ కనిపించే చోట రాయాలి. అంత బాధ్యత మోయడం కంటే సారాంశమే మేలని అనువాదం మానుకున్నాం.

చివరి తప్పు ట్రంకు రోడ్డు దగ్గరి ప్రెస్సులో ప్రూఫు చూస్తుండగా దొరికింది. ప్రాథమిక విచారణ ఏడు రోజుల్లో ముగియాలని రాసి ఉంది. తీర్పులో ఉన్నది అదే, నేను సరిగ్గానే రాశాను. కానీ అదే కేసులో కోర్టు 2014 మార్చి 5న ఆ గడువును సవరించింది. మామూలుగా పదిహేను రోజులు, ప్రత్యేక సందర్భాల్లో తగిన కారణాలు రాసి ఆరు వారాలు. తీర్పు పాఠం ఎన్నిసార్లు చదివినా ఇది తెలియదు, ఎందుకంటే ఆ పాఠం మారలేదు. తీర్పును ఆ తర్వాత ఎవరు ప్రస్తావించారో చూస్తూ పోతేనే కనిపిస్తుంది. నా స్నేహితురాలు వేరే తీర్పు కోసం వెతుకుతూ దీన్ని చూసి నాకు ఫోను చేసింది. ప్రెస్సులోనే నిలబడి ఎర్ర సిరాతో దిద్దాను.

అచ్చులోకి వెళ్లిన పాఠంలో అసలు భాగం ఇది:

"కాగ్నిజబుల్ నేరం, అంటే వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం, జరిగినట్టు మీరిచ్చిన సమాచారంలో కనిపిస్తే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయడం తప్పనిసరి. సమాచారం నిజమో కాదో దర్యాప్తులో తేలుతుంది, దాని కోసం నమోదు ఆపకూడదు. అలాంటి నేరం ఉందో లేదో సమాచారాన్ని బట్టి తెలియనప్పుడు, అది తెలుసుకునేందుకు మాత్రమే ప్రాథమిక విచారణ జరపవచ్చు. దానికి గడువు మామూలుగా పదిహేను రోజులు. ఫిర్యాదును మూసేస్తే కారణాలు క్లుప్తంగా రాసి, వారం లోపు మీకు ప్రతి ఇవ్వాలి. జనరల్ డైరీ అంకె ఉన్న చీటీ ఎఫ్.ఐ.ఆర్. కాదు. లలితా కుమారి వర్సెస్ ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం, (2014) 2 ఎస్.సి.సి. 1, పేరా 120. గడువు సవరణ, అదే కేసులో 2014 మార్చి 5 నాటి ఉత్తర్వు. 2024 జులై 1 తర్వాత, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణకు చట్టం వీలిస్తోంది. నమోదైన ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని మీకు ఉచితంగా ఇవ్వాలి. నమోదుకు నిరాకరిస్తే ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేయవచ్చు. భారతీయ నాగరిక సురక్షా సంహిత, 2023, సెక్షన్ 173."

ఇందులో కోర్టు వాక్యం ఒక్కటి కూడా లేదు. "తప్పనిసరి" అన్న ఒక్క మాట దగ్గర మాత్రం చాలా ఆలోచించాను. "చేయాలి" అంటే సరిపోతుందా అని మేడమ్‌ను అడిగాను. వాదమంతా ఆ మాట చుట్టూ తిరిగింది కాబట్టి దాని బరువు తగ్గించవద్దన్నారు. అలాగే ఉంచాను.

పుస్తకం వచ్చాక మొదటి ప్రతి మామయ్యకు ఇచ్చాను. గట్టు మీద నిలబడి మొత్తం చదివి, జేబులోని చీటీ తీసి, జి.డి. అంకె ఉన్న చోట వేలు పెట్టి, పుస్తకంలో ఆ వాక్యం దగ్గర ఇంకో వేలు పెట్టారు. మర్నాడు ఉదయం రెండూ పట్టుకుని మళ్లీ స్టేషన్‌కు వెళ్లారు.